హెవీ సీన్‌కు మెమరీ ఎందుకు చాలదు: మూడు పాత కిటుకుల కథ

పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నా 3డి ఆర్టిస్టుకు ఒక టెన్షన్ తప్పదు: సీన్ లోడ్ అవుతుండగానే మెమరీ చాలదంటూ రెండర్ ఆగిపోవడం. దీనికి అందరూ చెప్పే మందులు మూడు: ఇన్‌స్టాన్సింగ్, చిన్న టెక్స్చర్లు, ఫ్రేములో కొంత భాగాన్నే రెండర్ చేసే రెండర్ రీజియన్. మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఇబ్బందుల్లోంచి పుట్టాయి. ఆ సంగతి తెలియకపోతే ఒకదానితో చేయాల్సిన పని ఇంకోదానితో చేయించాలని చూస్తాం.

అన్నిటికన్నా పాతది ఇన్‌స్టాన్సింగ్. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రామ్‌లో ఒక మూల బొమ్మ గీసి, దాన్ని ఎన్ని చోట్లయినా వాడుకునే ఏర్పాటు చేశాడు. మూలాన్ని మారిస్తే అన్ని చోట్లా మారేది. రే ట్రేసింగ్ వచ్చాక ఈ ఆలోచన ఇంకా బలపడింది. ఎందుకంటే అక్కడ చెట్టును వెయ్యి చోట్లకు మోసుకెళ్లక్కర్లేదు. కాంతి కిరణాన్నే లెక్కలో ఆ ఒక్క చెట్టు దగ్గరకు తిప్పి, తగిలిందా లేదా అని చూస్తే చాలు. ఒక్కో కాపీకి దాచాల్సింది అదెక్కడుంది, ఎటు తిరిగింది, ఎంత సైజు అనే కొన్ని అంకెలే. డిస్నీ 2018లో అందరికీ విడుదల చేసిన మోవానా ద్వీపం సీన్‌లో విడిగా మోడల్ చేసిన పాలిగన్లు 9 కోట్లకు పైమాటే. ఇన్‌స్టాన్సులన్నీ కలిపి లెక్కిస్తే అవి 1500 కోట్లు దాటతాయి.

మన స్థాయి లెక్క చూద్దాం. అపార్ట్‌మెంట్ ముందు 300 చెట్లు, ఒక్కోటి 2 లక్షల ట్రయాంగిల్స్. ట్రయాంగిల్‌కు 100 బైట్లు అనుకున్నా చెట్టుకు 20 ఎంబీ, మొత్తం 6 జీబీ. బ్లెండర్‌లో Shift+D తో కాపీ చేస్తే మెష్ కూడా కాపీ అవుతుంది కాబట్టి ఈ 6 జీబీ పడుతుంది. Alt+D తో చేస్తే 20 ఎంబీకి కాస్త ఎక్కువ. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ చెట్లకు సబ్‌డివిజన్ లాంటి మాడిఫైయర్ తగిలించి ఉంటే, Alt+D కాపీలకు కూడా బ్లెండర్ రెండరర్ అయిన సైకిల్స్ వేటికవే మెష్‌లు తయారుచేస్తుంది. Alt+D కొట్టకముందే మాడిఫైయర్‌ను అప్లై చేసెయ్యాలి, లేదా చెట్టును కలెక్షన్ ఇన్‌స్టాన్స్‌గా పెట్టాలి.

టెక్స్చర్ల కథ వేరు. 1983లో లాన్స్ విలియమ్స్ ప్రతిపాదించిన మిప్‌మ్యాప్‌లో, ఒకే బొమ్మను సగం, పావు సైజుల్లో ముందే చేసి పెట్టుకుని, దూరంగా ఉన్నదానికి చిన్నదాన్ని వాడతారు. తర్వాత సినిమా రెండరర్లు కావాల్సిన ముక్కను మాత్రమే డిస్క్ నుంచి చదవడం నేర్చాయి. జీపీయూ రెండరింగ్‌లో మాత్రం ఈ సౌకర్యం చాలాకాలం అందలేదు, బొమ్మ మొత్తం కార్డులోకి ఎక్కాల్సిందే. పైగా 2 ఎంబీ జేపెగ్ అక్కడ 2 ఎంబీగా ఉండదు. విప్పాక 4096 × 4096 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే 64 ఎంబీ. అలాంటివి 60 ఉంటే 3.75 జీబీ. వెనకెక్కడో ఉన్న 40 మ్యాప్‌లను 1024కు దించితే ఒక్కోటి 4 ఎంబీయే, మొత్తం 1.4 జీబీకి వస్తుంది. ఫ్రేములో 200 పిక్సెళ్ల వెడల్పున కనిపించే గోడకు 512 చాలు. చేత్తో దించే ఓపిక లేకపోతే Simplify లోని Texture Limit ఉంది. కానీ అది అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది, కెమెరా ముందున్న సోఫా బట్ట కూడా మసకబారుతుంది.

ఎక్కువ అపార్థం రెండర్ రీజియన్ మీదే. 1987లో కుక్, కార్పెంటర్, కాట్మల్ ప్రచురించిన రేయెస్ పద్ధతి ఫ్రేమును చిన్న చతురస్రాలుగా చేసి ఒక్కోటీ పూర్తిచేసేది. ఆ చతురస్రంతో పని అయిపోయిన జామెట్రీని అవతల పారేసేది. అప్పట్లో ముక్కలు చేయడమంటే నిజంగానే మెమరీ ఆదా. 2010ల్లో పరిశ్రమ పాత్ ట్రేసింగ్‌కు మళ్లాక ఆ లాభం పోయింది. సోఫా మీద పడిన కిరణం కిటికీలోంచి బయటి చెట్టుకు తగలొచ్చు కాబట్టి, ఫ్రేములో మూలనున్న చిన్న ముక్క అడిగినా సీన్ మొత్తం మెమరీలో ఉండాల్సిందే. కెమెరా వ్యూలో Ctrl+B తో రీజియన్ గీసి రెండర్ చేసి, పైన కనిపించే Peak అంకె చూడండి, పెద్దగా తగ్గదు. తగ్గేది సమయం, అదీ శాంపిల్స్ వేసే సమయం. సీన్ సిద్ధం చేసే మొదటి నిమిషాలు మామూలుగానే పడతాయి.

అందుకే మెమరీ చాలక ఆగిపోయిన సీన్‌కు రీజియన్ మందు కాదు. క్లయింట్ ఒక్క దీపం రంగు మార్చమన్నప్పుడు అది బంగారం. ఆ దీపం కాంతి పడే గోడంతా కలిసేలా గీసి రెండర్ చేసి, పాత ఇమేజ్ మీద అతికించొచ్చు. డీనాయిజర్ అంచుల దగ్గర కాస్త తేడా చేస్తుంది కనుక కావాల్సినదానికన్నా కొంచెం పెద్దగా గీసుకోవాలి.