తేల్చమనేవాళ్లు, తేలుతూ ఉండేవాళ్లు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను నెల్లూరులో కౌన్సెలింగ్ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చే పెళ్లికాని జంటల్లో చాలామందిది ఒకటే గొడవ. ఒకరు "మన సంగతి ఏందో తేల్చు" అంటారు, ఇంకొకరు "ఇప్పుడేం తొందర, బాగానే ఉన్నాం కదా" అంటారు. దీని మీద ఊరంతా తలా ఒక మాట చెప్తుంది కాబట్టి వాటిలో నాలుగు మాటల సంగతి చూద్దాం. ఒక జంట కథ పట్టుకుని చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అబ్బాయిది కావలి, మందుల హోల్‌సేల్ వ్యాపారం. అమ్మాయి ఒంగోలులో జూనియర్ కాలేజీ లెక్చరర్. రెండున్నరేళ్ల పరిచయం, ఆదివారం వస్తే కొత్తపట్నం బీచ్. ఒకసారి రొట్టెల పండగకి ఇద్దరూ నెల్లూరు వచ్చి స్వర్ణాల చెరువులో దిగితే అతను పెళ్లి రొట్టె పట్టుకున్నాడు, ఆమె ఉద్యోగం రొట్టె పట్టుకుంది. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారట.

అపోహ: తేల్చమనేది ఎప్పుడూ అమ్మాయే, జారుకునేది అబ్బాయే.

ఈ జంటలోనే తిరగబడింది చూడండి. ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టఫర్ హెవీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో భార్యాభర్తల మీద చేసిన పరిశోధన ఒకటి ఉంది. ఒకరు వెంటపడి అడగడం, ఇంకొకరు మాట తప్పించుకోవడం అనే తీరులో ఆడా మగా అన్నదొక్కటే కాదు, ఆ విషయంలో మార్పు ఎవరికి కావాలి అన్నది కూడా లెక్కలోకి వస్తుందని అందులో తేలింది. మా ప్రాంతంలో సంబంధాలు చూడటం మొదలైన ఇంట్లో మార్పు తొందరగా కావాల్సింది ఎవరికి? ఇంట్లో ఒత్తిడి ఎవరికి ఎక్కువుంటే వాళ్లకి. ఇక్కడ అది అబ్బాయికి, వాళ్లమ్మ అప్పటికే ఫోటోలు తెప్పిస్తోంది.

అపోహ: నాన్చుతున్నారంటే ఇష్టం లేనట్టే.

ఇది నేను అస్సలు ఒప్పుకోను. ఇష్టం వేరు, దిశ వేరు. అబ్బాయి వాళ్ల నాన్నకి స్టెంట్ వేసినప్పుడు ఈ అమ్మాయి కాలేజీకి సెలవు పెట్టి వచ్చి రెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చుంది, ఇష్టం లేనివాళ్లు ఆ పని చేయరు. కానీ "నువ్వెవరమ్మా?" అని వాళ్లమ్మ అడిగితే "ఫ్రెండ్ వాళ్ల చెల్లెల్నండీ" అంది. ఆమె వచ్చిందన్నది ఇష్టం గురించి చెప్తుంది, ఏమని చెప్పుకుంది అన్నది దిశ గురించి చెప్తుంది. జనం మొదటిదాన్ని చూసి రెండోదానికి జవాబు రాసేసుకుంటారు.

అపోహ: అడుగుతూ ఉంటే ఎప్పటికో చెప్తారు.

అతను అడిగేది ఎప్పుడూ రాత్రి పదకొండుకే, ఫోన్లో. ఆమె "నిద్రొస్తోంది" అంటుంది. ఇతను పొద్దున్నే పేజీడు మెసేజ్ పెడతాడు, ఆమె రెండు రోజులు మాట్లాడదు, మూడో రోజు "తిన్నావా?" అని అడుగుతుంది, అంతే, మళ్లీ మామూలే. రెండు వారాలకి మళ్లీ అదే కథ. ఇందులో అతని టెన్షన్ ఒక్కటే కాదు నష్టం, ఆమె అసలు వేగం ఎంతో ఎవరికీ తెలియకుండా పోతుంది. తోసే బండి తనంతట తాను కదులుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

అందుకే ఆరు వారాలు అడగడం ఆపమన్నాను. ఊరికే మౌనంగా ఉండటం కాదు, ఆ సంగతి ఆమెకి చెప్పి ఆపడం. ఆ ఆరు వారాల్లో రెండే విషయాలు నోట్‌బుక్‌లో రాయమన్నాను: తేదీతో సహా రాబోయే రోజుల మాట ఆమె తనంతట తాను ఎత్తిందా, అతని గురించి కొత్తగా ఎవరికైనా చెప్పిందా. ఆరు వారాలకి రాసుకొచ్చింది ఒక్క లైను. డిసెంబరులో ఎక్కడికైనా వెళ్దామంది, అదీ తేదీ లేకుండా.

నిజానికి నేను అన్నిటికంటే నమ్మేది ఇంకొకటి ఉంది. కారణం తీరాక అడుగు పడిందా లేదా అని చూస్తాను. ఈ అమ్మాయి మొదట చెప్పిన కారణం "అక్క పెళ్లి కానీ". న్యాయమైన కారణమే, మన ఇళ్లలో చెల్లెలి సంగతి ముందు బయటపడితే అక్క సంబంధం చెడుతుందని భయపడతారు. మాఘంలో అక్క పెళ్లయింది. అప్పుడు "బావ వాళ్లు కొత్త, ఇప్పుడే గొడవెందుకు" అంది. ఆ తర్వాత నెట్ పరీక్ష. ఒక్కో కారణం విడిగా చూస్తే సరిగ్గానే ఉంటుంది, వరసలో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. నిజంగా నెమ్మదైన మనిషి వేరుగా ఉంటాడు. ఇంకో జంటలో అబ్బాయి, చెన్నైలో పని, "చెల్లి పెళ్లి అప్పు ఉగాదికి తీరుతుంది, అప్పుడు చెప్తా" అన్నవాడు ఉగాది వారంలోనే వెళ్లి వాళ్ల మామయ్య చెవిన వేశాడు. వాళ్ల నాన్నకి చెప్పడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది, పట్టనీ. అడుగు చిన్నదైనా పడింది.

అమ్మాయితో విడిగా కూర్చున్నప్పుడు అడిగాను, అక్క పెళ్లి అయ్యాక ఇంట్లో చెబుదామని మనసులో ఒక్కసారైనా అనుకున్నావా అని. చాలాసేపు ఆలోచించింది. "లేదు మేడమ్. అక్క పెళ్లి అయిపోతోందే అని భయపడ్డా" అంది. విడిగా చెప్పింది నేను అతనికి చేరవేయను, అది నా పద్ధతి కాదు. కానీ ఈ మాట నువ్వే అతనికి చెప్పాలి అన్నాను.

అపోహ: గడువు పెడితే అది బెదిరింపే.

ఎవరి పనికి గడువు పెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. "దసరాలోపు మీ ఇంట్లో చెప్పకపోతే చూడు" అన్నది ఆమె పనికి గడువు, అది బెదిరింపే. దానికి భయపడి ఔనన్నా ఆ ఔను నిలవదు. అతను నాలుగైదు సార్లు మార్చుకుని చివరికి చెప్పిన మాట ఇది: "నాకు పెళ్లి కావాలి, నీతోనే కావాలి. దసరా దాకా ఇంట్లో సంబంధాలు ఆపుతా, ఆ తర్వాత ఆపను. నువ్వేం చేయాలన్నది నీ ఇష్టం." ఇది తన పనికి తాను పెట్టుకున్న గడువు. పగటిపూట, ఎదురుగా కూర్చుని, ఒక్కసారే చెప్పాడు.

తేల్చకపోతే పోయేదేముంది, ఆదివారాలు గడిచిపోతున్నాయి కదా అనుకునేవాళ్లకి ఒక మాట. స్కాట్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 2006లో రాసిన వ్యాసంలో, నిర్ణయం తీసుకోకుండా జారుతూ పోయిన జంటలకి తర్వాత విడిపోవడం కష్టమవుతుందని వాదించారు. అది అమెరికాలో పెళ్లికి ముందే కలిసి కాపురం ఉండేవాళ్ల గురించి. ఇక్కడ కాపురం లేకపోయినా ఆమె పేరున తీసిన బండి వాయిదాలు ఇతను కడుతున్నాడు, ఇద్దరి స్నేహితులూ ఒకటే అయిపోయారు. నిర్ణయం లేకుండానే ముడులు పడుతుంటాయి.

దసరా వెళ్లిపోయింది. మర్నాడు ఆమే ఫోన్ చేసి, భయం గురించి నాకు చెప్పిన మాట అతనికీ చెప్పింది, ఇప్పట్లో ఇంట్లో చెప్పలేనని కూడా చెప్పేసింది. అతను నా గదిలో అరగంట ఏడ్చాడు, మీరు అడగడం ఆపమనబట్టే ఇట్లా అయిందని నన్నూ అన్నాడు. అననీ.

నెల తర్వాత మళ్లీ వచ్చాడు. ఎక్కడ కనిపెట్టి ఉండాల్సింది మేడమ్ అని అడిగి, నేను చెప్పేలోపే అక్క పెళ్లి దగ్గరేమో అన్నాడు. తర్వాత కాసేపాగి, "కాదులెండి, ఆసుపత్రిలోనే. ఆ రాత్రి ఆమె వచ్చిందన్నదొక్కటే నాకు కనపడింది" అన్నాడు.