"సేల్ పెరిగింది కదా సార్!": డిస్కౌంట్ లెక్కల్లో అపోహలు, వాస్తవాలు

ఆషాఢం దగ్గరపడేసరికి నా ఫోను మోగడం మొదలవుతుంది. తిరుపతిలో ఆషాఢానికి తోడు తమిళుల ఆడి మాసం కూడా వచ్చి పడుతుంది. గాంధీ రోడ్డులో ఎటు చూసినా డిస్కౌంటు బ్యానర్లే. నేను చిన్న చిన్న వ్యాపారాలకు కాస్టింగ్ లెక్కలు చూసిపెడుతుంటాను. ఫోన్ చేసే వాళ్లలో సగం మందిది ఒకటే ప్రశ్న: "టెన్ పర్సెంట్ పెట్టమంటారా సార్?" మిగతా సగం పెట్టేసి, నెల తర్వాత చేస్తారు.

అపోహ: సేల్ పెరిగిందంటే డిస్కౌంట్ పనిచేసినట్టే

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తినేది ఈ అపోహే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఒక చీరల షాపాయన రెండేళ్ల కిందట లెడ్జర్ చంకన పెట్టుకుని మా ఆఫీసుకి వచ్చాడు. తిరుపతిలో ఒక షాపు, చిత్తూరులో ఇంకొకటి. "సేల్ ఇరవై పర్సెంట్ పెరిగింది సార్. అయినా నెలాఖరుకు చేతిలో డబ్బు తగ్గింది. ఎవరో పిల్లోడు గల్లాలో చెయ్యి పెడతా ఉండాడేమో" అన్నాడు. పిల్లోళ్ల తప్పేమీ లేదని తేలడానికి పావుగంట పట్టింది.

ఒక రకం కాటన్ చీర తీసుకున్నాం. జీఎస్టీ పోను అమ్మకం ధర 1000 రూపాయలు. కొన్నది 720కి. సేల్స్ గర్ల్ కమిషన్, కవరు కలిపి ఇంకో 30. అంటే చీర అమ్మిన ప్రతిసారీ మిగిలేది 250. అదే కాంట్రిబ్యూషన్. షాపు అద్దె, జీతాలు, కరెంటు బిల్లు కట్టాల్సింది ఇందులోంచే. డిస్కౌంట్ లేని నెలలో తిరుపతి షాపులో ఈ రకం 120 పోయేవి, 30,000 మిగిలేది.

పది శాతం తగ్గించి 900 చేశాడు. కొన్న ధర తగ్గలేదు, కమిషనూ తగ్గలేదు. ఆ వంద మొత్తం ఆయన 250లోంచే పోయింది. కొనేవాళ్లకు పది శాతం తగ్గితే, ఆయన మిగులుకు నలభై శాతం కోత పడింది. ఇక చీరకు 150.

ఆ నెల 160 చీరలు పోయాయి. అమ్మకం 1,20,000 నుంచి 1,44,000 అయింది. ఆయన చెప్పిన ఇరవై శాతం నిజమే. కానీ 160 చీరలకు చీరకు 150 చొప్పున మిగిలింది 24,000. ఆరు వేలు తక్కువ. నలభై చీరలు ఎక్కువ మడతపెట్టి, ఎక్కువ బిల్లులు కొట్టి మరీ పోగొట్టుకున్నాడు.

బ్యానర్ కొట్టించే ముందే వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. తగ్గించే మొత్తాన్ని, తగ్గించాక మిగిలే కాంట్రిబ్యూషన్‌తో భాగించాలి. ఇక్కడ 100ని 150తో భాగిస్తే 66.7 శాతం. అమ్మే చీరలు అంత శాతం పెరగాలి. అంటే 120 కాస్తా 200 అయితేనే పాత 30,000 వస్తుంది. 201వ చీర నుంచి లాభం. "రెండొందలా! అన్ని పెట్టడానికి ర్యాకుల్లో చోటే లేదే సార్" అన్నాడాయన.

అపోహ: ఎలాస్టిసిటీ ఒకటి దాటితే చాలు

ఇది బీకాం చదివిన వాళ్ల అపోహ. ఆయన కొడుకు కూడా ఇదే అన్నాడు. ఎలాస్టిసిటీ అంటే ధర ఒక శాతం తగ్గితే అమ్ముడుపోయే చీరలు ఎన్ని శాతం పెరుగుతాయో ఆ లెక్క. ధర 10 శాతం తగ్గితే పోయిన చీరలు 33 శాతం పెరిగాయి, ఎలాస్టిసిటీ 3.3, ఒకటి కన్నా ఎక్కువేగా అని. పుస్తకంలో ఉన్న మాట నిజమే, కానీ అది మొత్తం అమ్మకం గురించి. ధర కొద్దిగా తగ్గించినప్పుడు ఒకటి దాటితే గల్లాలోకి వచ్చే డబ్బు పెరుగుతుంది. మిగిలేది పెరగాలంటే ఈ చీరకు, ఈ డిస్కౌంటుకు 6.67 దాటాలి. ఒక్క రూపాయి తగ్గించినా నాలుగు దాటాల్సిందే, ఎందుకంటే మిగులు ధరలో నాలుగో వంతే. మార్జిన్ ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ ఎలాస్టిసిటీ కావాలి.

పైగా ఆ 3.3 కూడా నిజం కాదు. చిత్తూరు షాపులో ఆ నెల డిస్కౌంట్ పెట్టలేదు. అక్కడా ఇదే చీర పది శాతం ఎక్కువ పోయింది. జనం ఆ నెల ఎలాగూ ఎక్కువ కొన్నారన్నమాట. ఆ లెక్కన తిరుపతిలో బ్యానర్ లేకపోయినా 132 పోయేవి. డిస్కౌంట్ తెచ్చింది 28 చీరలే. ఎలాస్టిసిటీ 2.1కి దిగింది, నష్టం ఆరు వేలు కాదు, తొమ్మిది వేలయింది.

శ్రావణం పుస్తకం తిప్పితే ఇంకో సంగతి బయటపడింది. వరలక్ష్మీ వ్రతానికి ఏటా పూర్తి ధరకు కొనే ఆడవాళ్లలో కొందరు ఆషాఢంలోనే 900కి కొనేసుకున్నారు. అందుకే రెండు నెలలూ కలిపి చూడకుండా నేను ఎవరికీ ఎలాస్టిసిటీ చెప్పను.

అపోహ: అద్దె, జీతాలు కూడా వేసుకుని చూస్తే డిస్కౌంట్ ఎప్పుడూ నష్టమే

ఇది నేనే చేసిన తప్పు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక లాడ్జి ఓనరు, మామూలు రోజుల్లో 1500 గదిని 1200కి ఇవ్వొచ్చా అని అడిగాడు. నేను బిల్డింగు లోను, జీతాలు అన్నీ గదులకు పంచి, గదికి ఖర్చే 1300 అవుతోంది, వద్దన్నాను. ముప్పై గదుల్లో పదిహేను ఖాళీగా పడుకున్నాయి.

గది ఖాళీగా ఉన్నా లోను కట్టాలి. నిండితే అదనంగా అయ్యేది లాండ్రీ, సబ్బు, నీళ్లు, క్లీనింగ్, మహా అయితే 250. అంటే 1500 గదికి 1250 మిగులు, 1200 గదికి 950. 300ని 950తో భాగిస్తే 32 శాతం లోపే. పదిహేను గదులు ఇరవై అయితే చాలు. చీరకు పది శాతమే భారమైతే, గదికి ఇరవై శాతం కూడా మోయదగ్గదే. అదే లాడ్జిలో బ్రహ్మోత్సవాల్లో ఒక్క రూపాయి తగ్గించినా దండగే, ముప్పై ఒకటో గది లేదు కాబట్టి.

పాత స్టాకు సంగతి వేరు. అక్కడ కొన్న ధరతో పోల్చకండి, ఇంకో ఏడాది ఉంచితే ఎంతొస్తుందో దాంతో పోల్చండి. చాలాసార్లు వచ్చింది తీసుకోవడమే మేలు.

అపోహ: పక్కవాడు పెట్టాడు, మనమూ పెట్టక తప్పదు

ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. ఎదురు షాపులో జనం కిటకిటలాడుతుంటే ఖాళీ కౌంటరు ముందు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పైగా ఇక్కడ లెక్క కూడా మారుతుంది. పక్కవాడు తగ్గించాక మనం ఏమీ చేయకపోతే 120 పోవు కదా.

పోయినేడు ఆ చీరల షాపాయన ఇదే కంగారుతో రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. ఇద్దరూ తగ్గిస్తే 160 రావు, 130 అనుకుందాం అన్నాను. 150 చొప్పున 19,500 మిగులుతుంది. పూర్తి ధరకు అదే మొత్తం రావడానికి 78 చీరలు చాలు. కాబట్టి ప్రశ్న ఒక్కటే: మీ 120 అమ్మకం 78 కన్నా కిందికి పడుతుందా? వారానికి సుమారు 20 చీరలు. ఒక వారం బ్యానర్ కట్టకుండా రోజూ ఎన్ని పోతున్నాయో రాసి పెట్టమన్నాను.

ఆదివారం మెసేజ్ వచ్చింది: "23 సార్." బ్యానర్ గోడౌన్‌లోనే ఉండిపోయింది.