దగ్గరి సర్వర్‌తో 90, దూరపు సర్వర్‌తో 2: లోపం ఎక్కడుంది?

కూకట్‌పల్లిలో ఒక ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉందనుకుందాం. స్పీడ్ టెస్ట్ పెడితే 90 చూపిస్తోంది. అదే ఇంటి నుంచి అమెరికాలోని వర్జీనియాలో ఉన్న సర్వర్ నుంచి ఆఫీసు ఫైలు దించుకుంటుంటే 2 దాటడం లేదు. కంప్లైంట్ ఇస్తే మామూలుగా వచ్చే జవాబు ఒకటే: "మా లైను బాగానే ఉంది సార్, అవతలి సర్వరే స్లో." అది నిజం కావచ్చు. కానీ 90 అనే అంకెను చూసి ఆ మాట అనడానికి వీల్లేదు.

స్పీడ్ టెస్ట్ యాప్ మామూలుగా దగ్గరలోని సర్వర్‌నే ఎంచుకుంటుంది. చాలాసార్లు అది మన ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్‌లోనే, హైదరాబాద్‌లోనే ఉంటుంది. కాబట్టి ఆ టెస్టు కొలిచేది వైఫై, రౌటర్, కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్, కంపెనీ లోకల్ నెట్‌వర్క్, అంతే. ఊరు దాటాక దారి ఎలా ఉందో దానికి తెలియదు. అంతకన్నా ముఖ్యం, తను కొలిచిన ఆ కొద్ది దారిలో ఉన్న లోపాన్ని కూడా అది దాచగలదు.

ఎలాగో చూద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వర్జీనియా ఇక్కడి నుంచి నేరుగా కొలిచినా 13 వేల కిలోమీటర్లకు పైమాటే. అంటే వెళ్లి రావడానికి కాంతికే 130 మిల్లీసెకన్లు కావాలి. కేబుళ్లు నేరుగా పోవు కాబట్టి మన ఇంటి నుంచి అది 230 దాకా ఉందనుకుందాం. ఊళ్లోని సర్వర్‌కైతే 5 చాలు.

డేటా పంపే సర్వర్ కొన్ని ప్యాకెట్లు పంపి, "అందాయి" అనే కబురు కోసం చూస్తుంది. మధ్యలో ఒకటి పోయిందని తెలిస్తే, దారిలో రద్దీ ఉందనుకుని వేగాన్ని బాగా తగ్గించేస్తుంది. తర్వాత ఒక్కో రాకపోకకు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వస్తుంది. రాకపోక 5 మిల్లీసెకన్లయితే రెప్పపాటులో కోలుకుంటుంది. 230 అయితే కోలుకోవడం 46 రెట్లు నెమ్మది. ఈలోపు ఇంకో ప్యాకెట్ పోతుంది, మళ్లీ మొదటికి.

మన ఇంటి లైన్లో వెయ్యి ప్యాకెట్లకు ఒకటి పోతోందనుకోండి. ఇలాంటి సందర్భానికి ఒక సులువైన అంచనా సూత్రం ఉంది. ఒకే కనెక్షన్ మీద, అంటే కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచిన ఒక్క డేటా ప్రవాహంలో వచ్చే వేగం:

```
వేగం ≈ (ప్యాకెట్ సైజు ÷ రాకపోక సమయం) × 1.22 ÷ √నష్టం
```

1,460 బైట్ల ప్యాకెట్‌ను బిట్లలోకి మార్చి, నష్టాన్ని 0.001గా తీసుకుని లెక్కేస్తే ఊళ్లో సర్వర్‌కు 90, రాకపోక 18 మిల్లీసెకన్లున్న ముంబై సర్వర్‌కు 25, వర్జీనియాకు 2 ఎంబీపీఎస్ వస్తాయి. నష్టం మూడింటికీ ఒకటే, అదీ మన ఇంటి పక్కనే. అయినా దగ్గరి సర్వర్‌లో దాని జాడే కనిపించదు. ఇప్పటి సర్వర్లలో చాలావాటికి ఇంతకన్నా మెరుగైన పద్ధతులున్నాయి కాబట్టి అంకెలు మారొచ్చు. దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోయే తీరు మాత్రం సాధారణంగా ఇలాగే ఉంటుంది.

అందుకే రెండు సర్వర్లు కాదు, మూడు కావాలి. టెస్టులో ఒకే కనెక్షన్ వాడే సెట్టింగ్ పెట్టుకుని, వచ్చిన వేగాన్ని రాకపోక సమయంతో గుణించి చూడండి. 90×5, 25×18, 2×230. మూడూ 450 దగ్గరే ఉన్నాయి. ఇలా వస్తే సముద్రం అవతలి దారిని తప్పు పట్టే ముందు, మూడు దారులకూ ఉమ్మడిగా ఉన్న మన వైపును అనుమానించాలి. యాప్ మామూలుగా ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది. ఒక్కోటి 2 చొప్పున ఎనిమిది కలిస్తే 16 అవుతుంది, లోపం మరింత మరుగున పడుతుంది.

ఒక చిక్కు ఉంది. మన కంప్యూటర్ "అందాయి" అనే కబురు పంపేలోపు ఒక విడతలో తీసుకునే డేటా పరిమితి మరీ చిన్నదైనా గుణకారం ఇలాగే వస్తుంది. పాత 64 కిలోబైట్ల పరిమితి ఉంటే దాదాపు ఇవే అంకెలు. తేడా తెలియాలంటే పింగ్ చేయాలి, అంటే చిన్న ప్యాకెట్లు పంపి ఎన్నింటికి జవాబు రాలేదో చూడాలి. ముందు లైనక్స్ లేదా మ్యాక్ కంప్యూటర్ నుంచి ఇంట్లో రౌటర్ చిరునామాకు:

```
ping -c 5000 -i 0.2 192.168.1.1
```

పావుగంట పైన పడుతుంది. వంద పింగ్‌లతో వెయ్యికొకటి పోయేది దొరకదు. తర్వాత అదే ఆజ్ఞలో దగ్గరి సర్వర్ పేరు పెట్టండి. రౌటర్‌కు ఒక్కటీ పోకుండా, సర్వర్‌కు నాలుగైదు పోతే లోపం రౌటర్ దాటాక, ఊరు దాటకముందు ఉన్నట్టు. రెండింటికీ ఏమీ పోకపోతే కంప్యూటర్ సెట్టింగ్ చూసుకోవాలి.

దూరపు దారే చెడిపోతే లక్షణాలు వేరు. హైదరాబాద్, ముంబై రెండింటికీ 90 పైనే వస్తుంది, వర్జీనియా ఒక్కటే పడిపోతుంది. అదీ తరచుగా రాత్రిపూట, రద్దీ వేళ. రాకపోక సమయం 230 నుంచి 300కు ఎగబాకుతుంది, పొద్దున్నే మళ్లీ దిగుతుంది. అప్పుడు ఇంటికి టెక్నీషియన్‌ను పిలిపించి లాభం లేదు. కంపెనీ విదేశీ లింకు గురించి అడగాలి.

మన కూకట్‌పల్లి ఇంటి విషయంలో మాత్రం టెక్నీషియనే రావాలి. అతని పవర్ మీటర్‌లో ఫైబర్ సిగ్నల్ −27 డీబీఎం కన్నా బలహీనంగా ఉంటే కనెక్టర్ మురికి పట్టిందో, తీగ ఎక్కడైనా మరీ వంగిందో చూడమనండి. బాగుచేశాక అతను తన ఫోన్‌లో దగ్గరి సర్వర్‌కు టెస్ట్ పెట్టి 94 చూపిస్తాడు. 90 నుంచి 94 కావడంతో ఏదీ తేలదు. వర్జీనియాకు ఒకే కనెక్షన్‌తో మళ్లీ పెట్టించండి. అక్కడ 2 కాస్తా 20, 30 అయితేనే ఆ పావుగంట పింగ్ పట్టించిన నష్టం పోయినట్టు.