రిట్రీట్‌కి వచ్చాక తలనొప్పి వస్తే ‘విషాలు పోతున్నట్టే’నా?

వికారాబాద్ వైపు ఒక రిట్రీట్‌లో పదకొండేళ్లుగా యోగా నేర్పిస్తున్నాను. ఆఫీసు పనితో పూర్తిగా అలసిపోయి వచ్చే మేనేజర్లలో చాలామంది నమ్మేది ఒకటే.

అపోహ: వచ్చిన రోజు నుంచే కాఫీ, తిండి ఆపేస్తే ఒంట్లో విషాలు పోతాయి. తల పగిలిపోతుంటే వైద్యం పనిచేస్తున్నట్టే.

వాస్తవం: ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, వినీ వినీ విసుగొచ్చింది. అది రోజూ కాఫీ తాగే ఒంటికి ఒక్కసారిగా కెఫీన్ అందకపోవడం వల్ల వచ్చే తలనొప్పి. ఆఖరి కప్పు తాగాక 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, రెండో రోజుకి బాగా ముదురుతుంది, కొందరిని వారం దాటినా వదలదు. శుక్రవారం సాయంత్రం ఆఖరి కాఫీ తాగి వచ్చినవాళ్లకు శనివారం, ఆదివారం రెండూ దాంట్లోనే పోతాయి.

గచ్చిబౌలి నుంచి ఒకాయన అలాగే వచ్చారు. రోజుకి ఐదు కాఫీలు. శనివారం మధ్యాహ్నం తువ్వాలు తలకు బిగించి కట్టుకుని, గదిలో లైటు ఆర్పేసి పడుకున్నారు. రాత్రికి వాంతులు. “ఇది నా వల్ల కాదమ్మా” అంటూ ఆదివారం పొద్దున్నే వెళ్లిపోయారు. రాకముందే కాఫీ సంగతి అడగకపోవడం మా పొరపాటు. అప్పటి నుంచి బుకింగ్ ఫోన్‌లోనే అడుగుతున్నాం.

ఆరు నెలలకు ఆయనే మళ్లీ వచ్చారు, ఈసారి ఏడు రోజులకు. పది రోజుల ముందు నుంచి రెండు రోజులకో కప్పు చొప్పున తగ్గిస్తూ, పొద్దున అర గ్లాసుకు వచ్చారు. ఆ అర గ్లాసు మొదటి రెండు రోజులు ఇక్కడా ఇచ్చాం. ఆ రెండు రోజులూ ఆసనాలు లేవు. సూక్ష్మ వ్యాయామం, నడక, నిద్ర, అంతే. యోగనిద్రలో పది నిమిషాలకే గురక పెట్టారు, లేపలేదు. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం జొన్నరొట్టె, తోటకూర పప్పు, మజ్జిగ, ఏడింటికల్లా రాత్రి భోజనం. ఫోన్ సాయంత్రం అరగంట మాత్రమే. భోజనం దగ్గర కూర్చున్నా చెయ్యి ఖాళీ జేబు తడుముకునేది. నాలుగో రోజు అలారం లేకుండా లేచి, మధ్యాహ్నం రెండో రొట్టె అడిగారు.

ఉపవాసం అందరికీ మంచిదన్నది ఇంకో అపోహ. షుగర్‌కి ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం. మీ డాక్టరు డోసు మార్చి చెప్పాకే ఉపవాసం సంగతి. బీపీ మాత్రలు సొంతంగా ఆపకండి.

శీర్షాసనం వేయాలా అని భయపడేవాళ్లకు: అక్కర్లేదు, దాని గురించి ఆలోచించకండి.

వారాల తరబడి నిద్ర లేక, దేని మీదా ఆసక్తి లేక, బతకాలని లేదనిపిస్తుంటే మాత్రం మా దగ్గరికి కాదు, ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. రిట్రీట్ తర్వాత చూసుకుందాం, అడ్వాన్సు కట్టినా తేదీ మారుస్తాం.