పాత తలుపు టీపాయ్‌ని పార్సిల్ చేయడం: అపోహలు - వాస్తవాలు

దేవరకొండ, నల్లగొండ వైపు పాత ఇండ్లు కూల్చేటప్పుడు వచ్చే టేకు తలుపులు, కిటికీ రెక్కలు కొని టీపాయ్‌లు, బెంచీలు, గోడ అద్దాలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. నేర్చుకోవాలని వచ్చేవాళ్లు ముందు పాలిష్ గురించే అడుగుతారు. నాకు ఎక్కువ డబ్బు పోయింది మాత్రం రవాణాలోనే.

అపోహ: సామాను ఎంత బరువుంటే అంత ఛార్జీ.

కొరియర్ వాళ్లు రెండు లెక్కలు చూస్తారు. ఒకటి తూకం, రెండోది డబ్బా ఆక్రమించే చోటు. ఏది ఎక్కువైతే దానికే బిల్లు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. కొందరి అంకె వేరే ఉంటుంది, బుక్ చేసే ముందే అడగండి.

నా టీపాయ్ ఒకటి 90×60 పలక, 45 ఎత్తు. తూకం వేస్తే 22 కిలోలు. చుట్టూ ప్యాకింగ్ కలిపి డబ్బా 100×70×55 అయింది. భాగిస్తే 77 కిలోలు! కిలోకు 20 రూపాయలు అనుకుంటే 440 అవుతుందనుకున్నది 1,540 అయింది. కొన్నవారికి ఫ్రీ డెలివరీ అని ముందే చెప్పేశాను కాబట్టి ఆ తేడా నా జేబులోంచే పోయింది.

తర్వాత కాళ్లు విప్పుకునేలా చేశాను. కాళ్లను పలక కింద పడుకోబెడితే డబ్బా ఎత్తు 15కి దిగింది. ఇప్పుడు చోటు లెక్కన 21 కిలోలే, అంటే అసలు తూకానికే బిల్లు.

విప్పే కాళ్లు ఊగుతాయని కొందరి భయం. బిగించే చోటు తప్పైతే ఊగుతాయి. పాత తలుపులో నడిమి పలక పలచన, చుట్టూ చట్రం మందం. కాలి ప్లేటు స్క్రూలు చట్రంలోకే దిగాలి. చట్రంలో పాత మేకు రంధ్రం ఉంటే దాన్ని తప్పించి రెండంగుళాలు జరపండి. పాత చెక్క నాలుగు మూలలూ సమంగా ఉండదు, అందుకే ఒక్కో కాలికీ దాని మూలకీ 1 నుంచి 4 దాకా అంకె వేస్తాను. రెండు బోల్టులు ఎక్స్‌ట్రా పెడతాను, అవి లేకపోతే ఫోన్ తప్పకుండా వస్తుంది.

అపోహ: బబుల్ షీట్ దండిగా చుట్టి, ‘జాగ్రత్త’ స్టిక్కర్ వేస్తే చాలు.

గోదాములో స్టిక్కర్ చదివే తీరిక ఎవరికుంటుంది? వరంగల్‌కు పంపిన బెంచీ ఒకటి కాలు విరిగి చేరింది. విచిత్రమేంటంటే డబ్బా మీద గీత కూడా లేదు. లోపల కాళ్ల చుట్టూ ఖాళీ వదిలాను. డబ్బాను పక్కకు పడుకోబెట్టి పైన మూటలు వేస్తే ఆ బరువంతా కాలి అతుకు మీద పడింది. అప్పటి నుంచి మూత వేశాక డబ్బాను ఊపి చూస్తాను. లోపల ఏదన్నా కదిలిన చప్పుడొస్తే మళ్లీ విప్పుతాను.

కొత్త పాలిష్ మీద నేరుగా బబుల్ షీట్ చుట్టకండి, ఎండలో బండి ఆగితే బుడగల అచ్చు దిగుతుంది. ముందు పలచని ఫోమ్ షీటు, దాని మీద బబుల్. పాలిష్ వేసి కనీసం వారమైనా ఆరనిస్తాను. అద్దం ఉంటే దానికి వేరే డబ్బా.

అపోహ: ట్రాన్స్‌పోర్ట్‌లో పగిలితే వాళ్లే కట్టిస్తారు.

ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఇచ్చే రసీదును బిల్టీ అంటారు, దాన్ని వెనక్కి తిప్పి చదవండి. ‘ఓనర్స్ రిస్క్’, అంటే నష్టం సరుకు యజమానిదే అని ఉంటే పైసా రాబట్టడం కష్టం. సరుకు విలువ బిల్టీ మీద రాయించండి, ఖరీదైనదైతే ఇన్సూరెన్స్ విడిగా అడగండి. కొన్నవారికి నేను చెప్పేది ఒకటే: డబ్బా దెబ్బతిని వస్తే ముందు ఫొటో, తర్వాత డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాసి సంతకం. ఉత్త సంతకం పెట్టారంటే బాగానే అందిందని ఒప్పుకున్నట్టే.

అపోహ: కొన్నవాళ్లే వచ్చి తీసుకెళ్తే మనకు టెన్షన్ ఉండదు.

హైదరాబాద్ నుంచి ఒకాయన ఆరడుగుల చెక్క బీరువా కోసం కారులో వచ్చాడు. డిక్కీ తెరిచి, ‘అన్నా, ఇది పట్టదే!’ అన్నాడు. కొలతలు పోస్టులోనే ఉన్నాయి, కానీ నేను బండి సంగతి అడగలేదు. చివరికి హైదరాబాద్‌కు ఖాళీగా పోయే ట్రాలీ ఆటో పట్టుకున్నాం. తాడు బిగిస్తుంటే అంచు నొక్కుకుపోయింది, అందుకు 500 తగ్గించాల్సి వచ్చింది. ఇప్పుడు తాడు కింద మడత పెట్టిన గోనెపట్టా లేకుండా బండి కదలనివ్వను.

బయలుదేరే ముందే మూడు అడుగుతాను: ఏ బండి, ఇంటి మెట్ల మలుపు ఎంత వెడల్పు, ఎత్తడానికి ఎందరు. పాత మేకుల గుంతలు, చీలికలు పగటి వెలుతురులో వీడియో తీసి ముందే పంపుతాను, ఇంటికొచ్చి ‘ఇది ఫొటోలో లేదు’ అని బేరం మొదలుపెట్టకుండా. మిగతా డబ్బు బండి ఎక్కించకముందే పడాలి. ‘డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టన్నా’ అన్నారంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.