తొంభైకీ యాభైకీ మధ్య డెబ్భై ఎందుకు రాలేదు

మా అన్నయ్య కూతురు ఆరో తరగతి. మొన్న ప్రోగ్రెస్ కార్డు తెచ్చి నా ముందు పెట్టి, "అత్తా, మా సార్ లెక్క తప్పు వేశారు" అంది. యూనిట్ టెస్టు ఇరవై మార్కులకి పెడితే దానికి 18 వచ్చాయి. టర్మ్ పరీక్ష యాభైకి పెడితే 25 వచ్చాయి. కార్డులో మొత్తం 70కి 43 అనీ, పక్కన 61.4 శాతం అనీ రాసి ఉంది.

పాప లెక్క వేరు. ఇరవైకి పద్దెనిమిది అంటే 90 శాతం. యాభైకి ఇరవై ఐదు అంటే 50 శాతం. రెండూ కలిపితే 140, అందులో సగం 70. "నాకు డెబ్భై శాతం రావాలి కదా, ఎనిమిది శాతం పైనే ఎక్కడికి పోయింది?"

నేను పిల్లలకి లెక్కలు చెబుతూ పాతికేళ్ళయింది. ఈ ప్రశ్నకి "అలా కాదమ్మా, మార్కులన్నీ కూడి మొత్తంతో భాగించాలి" అని జవాబు చెప్పి పంపేయడం చాలాసార్లు చూశాను, మొదట్లో నేనూ అదే చేశాను. కానీ 43ని 70తో భాగించాలని పాపకి తెలియక కాదు. తను వేసిన లెక్కలో తప్పెక్కడుందో తెలియక అడిగింది. ఆ తప్పు చూపించకపోతే సార్ లెక్కనీ నమ్ముతుంది, తన లెక్కనీ నమ్ముతుంది. రెండూ మనసులో పక్కపక్కనే ఉండిపోతాయి.

అందుకని డబ్బాలోంచి చింతగింజలూ, శనగలూ తీయించాను. వచ్చిన ప్రతి మార్కుకీ ఒక చింతగింజ, పోయిన ప్రతి మార్కుకీ ఒక శనగ. చిన్న గిన్నెలో 18 గింజలు, 2 శనగలు. పెద్ద గిన్నెలో 25 గింజలు, 25 శనగలు. లెక్కపెట్టి పోయడానికి పాపకి కొంచెంసేపు పట్టింది, పట్టనిచ్చాను. పెద్ద గిన్నె నిండటానికి చెయ్యి ఎన్నిసార్లు డబ్బాలోకి వెళ్ళిందో తెలియడం ముఖ్యం.

"ఇప్పుడు రెండూ పళ్ళెంలో పోసి కలుపు." కలిపింది. "కళ్ళు మూసుకుని ఒకటి తియ్యి. అది ఏ గిన్నెలోంచి వచ్చిందై ఉంటుంది?" ఆలోచించకుండానే, "పెద్దదాంట్లోంచే, అందులోవే ఎక్కువ కదా" అంది. పళ్ళెంలో ఉన్న డెబ్భైలో యాభై పెద్ద గిన్నెవి, ఇరవై మాత్రమే చిన్న గిన్నెవి. కాబట్టి పళ్ళెం మొత్తం చూడటానికి పెద్ద గిన్నెలాగే ఉంటుంది, శనగలు బాగా కనబడతాయి. చిన్న గిన్నెలో ఉన్నప్పుడు దాదాపు అన్నీ గింజలే, కానీ కలిశాక ఆ సంగతి పళ్ళేన్ని కొంచెమే మార్చగలిగింది.

పాప వేసిన సగటు సరిపోవాలంటే రెండు గిన్నెలూ ఒకే సైజువై ఉండాలి. శాతం అనగానే గిన్నె సైజు మాయమవుతుంది. 90 శాతం అన్న మాట ఇరవైలో పద్దెనిమిదికీ సరిపోతుంది, రెండు వందల్లో నూట ఎనభైకీ సరిపోతుంది. ఏ పరీక్ష ఎంత పెద్దదో మరిచిపోయి రెండు శాతాలు మాత్రమే కూడితే, వాటిని సమానమైన గిన్నెలుగా మనమే ఒప్పుకున్నట్టు. పాప లెక్కలో ప్రతి అడుగూ సరిగ్గానే ఉంది, చివర "సగం" చేసిన చోట తప్ప.

ఇక్కడ పాప ఇంకో ప్రశ్న వేసింది. దాని కోసమే ఈ వ్యాసం రాయాలనిపించింది. "అత్తా, భిన్నాలు కూడేటప్పుడు పైవి పైవీ, కిందవి కిందవీ కూడకూడదని మా సార్ కొట్టేస్తారు. మరి 18/20, 25/50 కలిపి 43/70 అని ఆయనే రాశారే?"

చాలా మంచి అనుమానం. భిన్నాలుగా కూడితే 18/20 అంటే 0.9, 25/50 అంటే 0.5, మొత్తం 1.4. ఇది కూడికగా సరైనదే. కానీ మార్కులకి అర్థం లేనిది, ఎందుకంటే వందకి నూట నలభై ఎవరికీ రావు. తేడా ఎక్కడుందంటే, భిన్నాలు కూడేటప్పుడు రెండూ ఒకే రొట్టె ముక్కలు. ఒక రొట్టెలో సగం, అదే సైజు రొట్టెలో పావు, రెండూ కలిస్తే ముప్పావు. మార్కుల్లో ఒకే రొట్టె లేదు. ఇరవై ముక్కల రొట్టె ఒకటి, యాభై ముక్కల రొట్టె ఇంకొకటి, ముక్క సైజు మాత్రం రెంటిలోనూ ఒకటే. రెండు రొట్టెలూ పక్కపక్కన పెట్టి "మొత్తం డెబ్భై ముక్కల్లో నీకెన్ని దక్కాయి?" అని అడుగుతున్నాం. అది కూడిక కాదు, రెండు లెక్కల్ని ఒక చోట పోయడం. గీత పైనా కిందా అంకెలు రాసే పద్ధతి ఒకటే కావడంతో పిల్లలకి రెండూ ఒకటిగా కనిపిస్తాయి. ఈ తేడా చెప్పకుండా ఐదో తరగతిలో కొట్టేసి ఆరో తరగతిలో రాయిస్తే పిల్ల అయోమయంలో పడటం సహజం.

ఈ లెక్క కంసాలులకి ఎప్పటినుంచో తెలుసు. మేలిమి బంగారాన్ని మనం పదహారు వన్నె బంగారం అంటాం. వన్నె తగ్గితే అందులో వేరే లోహం కలిసిందని అర్థం. వేర్వేరు వన్నెల ముక్కలు కలిపి కరిగిస్తే వచ్చే ముద్ద వన్నె ఎంత? 1150లో భాస్కరాచార్యులు రాసిన లీలావతిలో సరిగ్గా ఈ లెక్కే ఉంది. 13 వన్నెది 10 మాషాలు, 12 వన్నెది 4, 11 వన్నెది 2, 10 వన్నెది 4 మాషాలు. మాష అంటే అప్పటి తూకం. ఒక్కొక్క వన్నెనీ దాని తూకంతో గుణిస్తే 130, 48, 22, 40. మొత్తం 240. దాన్ని మొత్తం తూకం 20తో భాగిస్తే 12 వన్నె.

పాప పద్ధతిలో చేస్తే 13, 12, 11, 10 కూడి నాలుగుతో భాగించాలి. 11.5 వస్తుంది. తెచ్చినవాడు అది విని ఒప్పుకుంటే అర వన్నె బంగారం పోగొట్టుకున్నట్టే, ఎందుకంటే అతని దగ్గర ఎక్కువ తూకం ఉన్నది 13 వన్నెదే. ఈ మాట చెప్పగానే పాప మొహంలో వెలుగు వచ్చింది. "అంటే ఇరవై, యాభై తూకాలు. తొంభై, యాభై వన్నెలు" అంది. నేను అనబోయింది అదే.

పుస్తకం మూసి, నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టించాను. మా హాల్లో గచ్చు పలకలు వరసగా ఉన్నాయి, అందులో ఏడు తీసుకున్నాం. ఒక చివర 50, ఇంకో చివర 90. ఇరవైకీ యాభైకీ నిష్పత్తి రెండుకి ఐదు, అందుకే ఏడు పలకలు. మొత్తం శాతం ఎక్కడుంటుందంటే, 50 వైపు నుంచి రెండు పలకలు దాటాక, 90 వైపు నుంచి ఐదు పలకలు దాటాక. ఈ చివర నుంచి ఆ చివరకి దూరం 40, ఒక్కో పలక దాదాపు 5.7. రెండు పలకలంటే 11.4. యాభైకి కలిపితే 61.4. కార్డులో ఉన్న అంకె వచ్చేసింది. ఏ పరీక్ష పెద్దదో దానికి దగ్గరగా నిలబడుతుంది. పిల్లలు తమ లెక్క సరిచూసుకోవడానికి ఇంతకన్నా తేలిక గుర్తు నాకు తెలీదు: జవాబు రెండు శాతాల మధ్యే ఉండాలి, పెద్ద పరీక్ష వైపు వాలి ఉండాలి. సరిగ్గా మధ్యలో వచ్చిందంటే పరీక్షల సైజులు మరిచిపోయామన్నమాట.

ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకోచోట పొరబడతారు. ఇరవై మార్కుల టెస్టులో ఒక్క కూడిక తప్పు చేసి ఒక మార్కు పోతే శాతం ఐదు పడిపోతుంది. యాభై మార్కుల దాంట్లో అదే తప్పు చేస్తే రెండే పడుతుంది. మొదటిది చూసి గాభరాపడతాం, రెండోది పట్టించుకోం. కానీ మొత్తంలో రెంటికీ నష్టం ఒకటే, డెబ్భైలో ఒక మార్కు. పాప కార్డులో పోయినవి 27 మార్కులు, అందులో రెండే చిన్న టెస్టులోవి. కూర్చోబెట్టి చదివించాల్సింది ఏ పాఠాలో అక్కడే తెలుస్తుంది.

మరి రెండు పరీక్షల్నీ సమానంగా చూడాలని బడి అనుకుంటే? అప్పుడు ఇరవైకి వచ్చినదాన్ని యాభైకి మార్చాలి, అంటే రెండున్నరతో గుణించాలి. 18 కాస్తా 45 అవుతుంది. 45, 25 కలిసి వందకి 70. పాప కోరుకున్న డెబ్భై ఇదే! కాబట్టి తన లెక్క అర్థం లేనిది కాదు, వేరే నియమానికి జవాబు. ఏ పరీక్షకి ఎంత బరువో గణితం చెప్పదు, మనుషులు ముందే తేల్చి పిల్లలకి చెప్పాలి. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఇంజనీరింగ్ ఎంసెట్‌లో 160 మార్కుల్లో 80 గణితానికి, ఫిజిక్స్‌కీ కెమిస్ట్రీకీ నలభై నలభై పెట్టారంటే, గణితం సగం మాట్లాడాలని ఎవరో నిర్ణయించారు. తప్పెప్పుడంటే, మార్కులు వచ్చాక నియమం మార్చినప్పుడు.

ఒక్క సంగతి మాత్రం పాపకి ఇంకా చెప్పలేదు, ఎనిమిదో తరగతికి వచ్చాక చెబుతాను. కాగితం మీద ఉన్న బరువూ, ర్యాంకు తేల్చే బరువూ ఒకటి కాకపోవచ్చు. క్లాసులో అందరికీ ఇరవైకి 18 నుంచి 20 మధ్యే వచ్చాయనుకోండి, యాభై మార్కుల దాంట్లో 15 నుంచి 48 దాకా వచ్చాయనుకోండి. మొదటిదాని వల్ల ఇద్దరి మధ్య వచ్చే తేడా ఎక్కువలో ఎక్కువ రెండు మార్కులు, రెండోదాని వల్ల ముప్పై మూడు. మొత్తం మార్కుల్లో చిన్న టెస్టు వాటా ఏడింట రెండు వంతులే అయినా, ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది దాదాపు పెద్ద పరీక్షే తేలుస్తుంది. సీబీఎస్‌ఈ పదో తరగతిలో చాలా సబ్జెక్టులకి 80 మార్కులు బోర్డు పరీక్షకి, 20 బడిలో వేసేవాటికి ఉంటాయి. ఆ ఇరవై బడిలో అందరికీ ఒకేలా పడితే, మొత్తం పెరుగుతుందే గానీ వరస మారదు. వరసని మార్చేది మార్కుల మధ్య ఎడం.

పాప గింజలన్నీ డబ్బాలో పోసేసింది. శనగలు కొన్ని తినేసింది కూడా. వచ్చే నెల ముప్పై మార్కుల పరీక్ష ఉందట. "అప్పుడు మొత్తం వంద అవుతుంది కదా అత్తా, డెబ్భై శాతం రావాలంటే?" అని పెన్సిల్ తీసుకుని కార్డు వెనక రాసింది. డెబ్భైలోంచి నలభై మూడు తీస్తే ఇరవై ఏడు. "ముప్పైకి ఇరవై ఏడు. అంటే మళ్ళీ తొంభై శాతమే, కానీ ఈసారి గిన్నె కొంచెం పెద్దది" అంది, మూత బిగిస్తూ.