లాభం పెరిగింది, అమ్మకాలు మాత్రం పెరగలేదు

కుర్చీలు తయారుచేసే ఒక కంపెనీ ఉందనుకుందాం. ఈ ఏడాది జీతాల కింద 300 ఇచ్చింది. ఇక్కడి ఖాతా అంకెలన్నీ వేల రూపాయల్లో. అందులో 200 ఫ్యాక్టరీ కార్మికులకు, 40 అమ్మకాల సిబ్బందికి, 60 ఆఫీసు వాళ్లకు వెళ్లింది. దీన్ని లాభనష్టాల ఖాతాలో రాయడానికి రెండు దారులున్నాయి. "జీతాలు 300" అని ఒకే వరుసలో రాస్తే అది ఖర్చు స్వభావాన్ని బట్టి చేసిన విభజన, అంటే డబ్బు దేనికి పోయిందో చెప్పడం. ఫ్యాక్టరీ, అమ్మకాలు, ఆఫీసు అని మూడు చోట్లకు పంచితే అది పనిని బట్టి చేసిన విభజన. ఆ డబ్బు ఏ పని కోసం పోయిందో అది చెబుతుంది.

మిగతా లెక్క కూడా చూద్దాం. ముడిసరుకు 400, కరెంటు 100, యంత్రాల తరుగుదల 100, ఆఫీసు సామాను తరుగుదల 20, ప్రచారం 30. ఏడాది మొదట్లో నిల్వ ఏమీ లేదు. 5,000 కుర్చీలు తయారయ్యాయి, 4,000 అమ్ముడుపోయాయి. అమ్మకాల ఆదాయం 1,000.

పనిని బట్టి రాస్తే ముందు ఫ్యాక్టరీ ఖర్చంతా కలపాలి. ముడిసరుకు, కార్మికుల జీతాలు, కరెంటు, యంత్రాల తరుగుదల కలిసి 800. ఐదింట నాలుగు వంతుల కుర్చీలే అమ్ముడుపోయాయి కాబట్టి అమ్మిన సరుకు ఖర్చు 640. మిగిలిన 160 నిల్వ విలువగా బ్యాలెన్స్ షీటులోకి వెళ్తుంది. 1,000 ఆదాయంలోంచి 640 పోగా స్థూల లాభం 360. అందులోంచి అమ్మకాల ఖర్చు 70, ఆఫీసు ఖర్చు 80 తీసేస్తే లాభం 210.

స్వభావాన్ని బట్టి రాస్తే ఖర్చులన్నీ మొత్తంగా వస్తాయి: 950. కానీ అందులో అమ్ముడుపోని కుర్చీల ఖర్చు కూడా కలిసి ఉంది. అందుకే "నిల్వల్లో మార్పు" అని ఒక వరుస పెట్టి 160 కలుపుతారు. 1,000కి 160 కలిపి 950 తీసేస్తే మళ్లీ అదే 210. ఈ ఖాతాల్లో నేను మొదట వెతికేది ఈ వరుసనే. ఎందుకో చూడండి.

అదే ఏడాది కంపెనీ 5,000 బదులు 7,500 కుర్చీలు తయారుచేసి ఉంటే? అమ్మకాలు మాత్రం అవే 4,000. ముడిసరుకు 600కి, కరెంటు 150కి పెరుగుతాయి. కార్మికులకు ఇచ్చేది నెల జీతం కాబట్టి అదీ, యంత్రాల తరుగుదలా మారవు. ఫ్యాక్టరీ ఖర్చు 1,050 అవుతుంది, కానీ ఒక్కో కుర్చీకి పడే ఖర్చు 160 రూపాయల నుంచి 140 రూపాయలకి దిగుతుంది. అమ్మిన సరుకు ఖర్చు 560, లాభం 290. ఒక్క కుర్చీ కూడా అదనంగా అమ్మకుండానే లాభం 80 పెరిగింది! స్థిర ఖర్చుల్లో పెద్ద వాటా గోదాములోని కుర్చీల మీదకు వెళ్లిపోయింది, అంతే. ఇందులో మోసం లేదు. నిల్వల విలువ కట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 ప్రకారమే ఉత్పత్తిలోని స్థిర ఖర్చులను నిల్వకూ పంచాలి.

పనిని బట్టి రాసిన ఖాతాలో దీని జాడ కనబడదు సరికదా, స్థూల లాభం అమ్మకాల్లో 36 శాతం నుంచి 44 శాతానికి పెరిగి కంపెనీ బాగా మెరుగుపడినట్టు కనిపిస్తుంది. స్వభావాన్ని బట్టి రాసిన ఖాతాలో "నిల్వల్లో మార్పు 490" అని ఎదురుగానే ఉంటుంది. 1,000 అమ్మకాల ఆదాయానికి ఇంత నిల్వ పేరుకుపోవడం చూస్తే, అవి అమ్ముడుపోతాయా అనే టెన్షన్ ఎవరికైనా మొదలవుతుంది.

అలాగని స్వభావం దారే మంచిదనలేం. అమ్మిన కుర్చీ మీద ఎంత మిగిలిందో అది చెప్పదు. రెండో లెక్కలో ముడిసరుకు 600ను అమ్మకాలు 1,000తో పోల్చి "అరవై శాతం ముడిసరుకుకే పోయింది" అనుకుంటే తప్పు, ఎందుకంటే ఆ 600లో సగానికి కాస్త తక్కువ ఇంకా అమ్ముడుపోని కుర్చీల్లోనే ఉంది.

పని దారిలో ఇంకో చిక్కు పంపకంలో ఉంది. ఒక మేనేజరు సగం రోజు ఫ్యాక్టరీలో, సగం రోజు ఆఫీసులో ఉంటే ఆయన జీతం ఎటు రాయాలి? మొదటి లెక్కలో ఆఫీసు ఖర్చులోంచి 20 తీసి ఫ్యాక్టరీ ఖర్చులో కలిపారనుకోండి. అందులో 16 అమ్మిన సరుకులోకి, 4 నిల్వలోకి వెళ్తాయి. స్థూల లాభం తగ్గినా అసలు లాభం 4 పెరుగుతుంది. ఉత్పత్తితో సంబంధం లేని ఆఫీసు ఖర్చును నిల్వలో కలపకూడదని ఐఏఎస్ 2 చెబుతుంది, కానీ సంబంధం ఎంత అన్నది కంపెనీ నిర్ణయమే. జీతాలను ఒకే వరుసలో రాసే పద్ధతిలో ఈ పంపకం ఖాతా ముఖం మీదకు రాదు. నిల్వ విలువ కట్టేటప్పుడు మాత్రం అక్కడా తప్పదు.

అందుకే పని దారి ఎంచుకున్న కంపెనీలు తరుగుదల, ఉద్యోగుల ఖర్చు ఎంతో విడిగా చెప్పాలని, ఖాతాలు ఎలా చూపాలో చెప్పే ప్రమాణం ఐఏఎస్ 1 పెట్టింది. 2027 జనవరి 1 నుంచి దాని స్థానంలో వచ్చే ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18 ఈ నియమాన్ని ఇంకా బిగించింది. కొన్ని ఖర్చుల విషయంలో ఏ పని వరుసలో ఎంత కలిసిందో ఒకే నోట్‌లో చూపాలి. నిల్వల విలువ తగ్గించి రాసిన మొత్తం వాటిలో ఒకటి. గోదాములోని ఆ కుర్చీలు అమ్ముడుపోక విలువ తగ్గిస్తే, ఆ సంగతి అక్కడ కనిపిస్తుంది.